మొత్తం ఒకటి కావడం రుజువు కాదు: స్థిర జనాభాలో వాహకుల లెక్క

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఒకే జన్యువుకున్న వేర్వేరు రూపాలైన యుగ్మవికల్పాల పౌనఃపున్యాల మీద వచ్చే ప్రశ్నల్లో ఒకే ఒకదాన్ని తీసుకుని, దాని కింద ఇచ్చిన ప్రతి సమాధానాన్నీ విడివిడిగా పరీక్షించి చూద్దాం. హార్డీ–వీన్‌బర్గ్ సమతాస్థితిలో ఉన్న ఒక జనాభాలో అంతర్గత లక్షణం 16 శాతం మందిలో కనిపిస్తోంది. ఆ జనాభాలో వాహకులు, అంటే ఒక అంతర్గత యుగ్మవికల్పం ఉన్నా లక్షణం పైకి కనిపించనివారు, ఎంత శాతం? ఇచ్చిన సమాధానాలు నాలుగు: 24, 27, 36, 48.

ముందుగా తేల్చుకోవలసింది, ఇచ్చిన 16 శాతం దేనికి సంబంధించినదన్న విషయం. అంతర్గత లక్షణం పైకి కనిపించాలంటే ఆ వ్యక్తిలో రెండు యుగ్మవికల్పాలూ అంతర్గతమైనవే కావాలి కనుక, అంతర్గత యుగ్మవికల్పం పౌనఃపున్యాన్ని q, బహిర్గత యుగ్మవికల్పం పౌనఃపున్యాన్ని p అంటే, 0.16 అనేది q విలువ కాదు, q² విలువ. అందువల్ల q = 0.4, p = 0.6, వాహకుల నిష్పత్తి 2pq = 0.48. ప్రశ్నలో ‘అంతర్గత యుగ్మవికల్పం పౌనఃపున్యం 0.16’ అని ఉంటే వర్గమూలంతో పనే లేదు. ఒక్క మాట తేడాతో రెండు వేర్వేరు లెక్కలవుతాయి. నా దృష్టిలో ఈ ప్రశ్నలో అసలు కష్టం గణితంలో కాక ఈ చదవడంలోనే ఉంది.

ఇక్కడ చాలామంది నమ్ముకునే ఒక సరిచూపు ఉంది: మూడు జన్యురూపాల నిష్పత్తులనూ కూడి, మొత్తం 1 వస్తే లెక్క సరైనదే అనుకోవడం. ఈ సరిచూపు ఈ తప్పును పట్టుకోలేదు. 0.16నే పొరపాటున q అనుకుంటే p 0.84 అవుతుంది, జన్యురూపాలు 0.7056, 0.2688, 0.0256 అవుతాయి, వాటి మొత్తమూ కచ్చితంగా 1 అవుతుంది. p, q ల మొత్తం 1 అయినప్పుడు దాని వర్గమూ 1 కావడంలో వింతేముంది? సమాధానాల్లోని 27 శాతం ఈ పొరపాటు నుంచి పుట్టిందే. దాని బండారం బయటపడేది చివరి అంకె దగ్గర: లక్షణం ఉన్నవారు 0.0256 అని వచ్చింది, ప్రశ్నేమో 0.16 అంటోంది.

కాబట్టి సమాధానాన్ని పరీక్షించడానికి యుగ్మవికల్పాలనే లెక్కపెట్టడం మేలు. లక్షణం ఉన్నవారి యుగ్మవికల్పాలన్నీ అంతర్గతమైనవే, వాహకుల్లో సగం మాత్రమే అంతర్గతమైనవి. అంటే 0.16కు వాహకుల నిష్పత్తిలో సగం కలిపితే q రావాలి. సమతాస్థితి నిజమైతే అది 0.16 వర్గమూలమైన 0.4తో ఏకీభవించాలి. 24 శాతం తీసుకుంటే 0.16, 0.12 కలిసి 0.28 అవుతాయి, ఇది pq దగ్గరే ఆగిపోయి, వాహకత్వం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు దారుల్లో రావచ్చన్న సంగతి మరచిన సమాధానం. 27 శాతానికి 0.295 వస్తుంది. 36 శాతానికి 0.34 వస్తుంది, నిజానికి 36 శాతం అంటే p², రెండు యుగ్మవికల్పాలూ బహిర్గతమైన వారి వాటా. 48 శాతానికి మాత్రమే 0.16, 0.24 కలిసి సరిగ్గా 0.40 అవుతాయి.

ఇంకో తొందర పద్ధతి కూడా వాడుకలో ఉంది. 2pq విలువ ఎన్నడూ 0.5ను మించదు కనుక, 50 దాటిన సమాధానాన్ని చూడగానే కొట్టివేస్తారు. మొత్తం జనాభాను గురించి అడిగినప్పుడు అది న్యాయమే. అయితే ‘లక్షణం లేనివారిలో వాహకులు ఎంత’ అని అడిగితే హారం మారిపోతుంది: 0.48ను 0.84తో భాగించాలి, దాదాపు 57 శాతం వస్తుంది. అక్కడ 50 దాటిన సమాధానమే సరైనది.

ఈ లెక్క అంతా ‘సమతాస్థితిలో ఉన్న’ అన్న మాట మీద నిలబడి ఉంది. 1908లో హార్డీ, వీన్‌బర్గ్ విడివిడిగా చూపిన సంబంధానికి యాదృచ్ఛిక సంపర్కం, పెద్ద జనాభా ఉండడం, ప్రకృతివరణం, వలస, ఉత్పరివర్తనం లేకపోవడం అనే షరతులు ఉన్నాయి. ఒక్క 16 శాతాన్ని మాత్రమే చూసి ఆ షరతులు నెరవేరాయో లేదో చెప్పలేం, ఎందుకంటే ఏ సంఖ్యకైనా వర్గమూలం దొరుకుతుంది. మూడు జన్యురూపాలనూ నేరుగా లెక్కించగలిగితేనే ఆ సంగతి తెలుస్తుంది. వెయ్యిమందిని పరీక్షించగా లక్షణం ఉన్నవారు 160, వాహకులు 400, మిగిలినవారు 440 అని తేలిందనుకుందాం. లెక్కపెట్టి చూస్తే q 0.36 అవుతుంది; ఆ q ప్రకారం లక్షణం ఉన్నవారు దాదాపు 130, వాహకులు 461 ఉండాలి. వాహకులు తగ్గి, రెండు అంచుల్లోనూ జనం పెరిగారంటే, దగ్గరి బంధువుల మధ్య వివాహాలో, వేర్వేరు పౌనఃపున్యాలున్న రెండు సమూహాలను ఒకటిగా లెక్కించడమో జరిగి ఉండవచ్చు. అటువంటి జనాభాలో 0.16 వర్గమూలంతో మొదలుపెడితే వాహకులు 480 అని వస్తుంది, అక్కడ ఉన్నది 400 మందే.