402 ఎక్కడి నుంచి వచ్చింది: ఒక కాంట్రాక్ట్ నోట్ చదువుదాం

అందరికీ నమస్కారం. మన గంటస్తంభం దగ్గర ఒక బ్రోకర్ సబ్ ఆఫీసులో చాలా ఏళ్లు లెక్కలు చూసినవాణ్ని. షేర్లు ఏవి కొనాలో ఈ పూట చెప్పను, అది నాకూ తెలియదు. కొన్నాక చేతికొచ్చే కాంట్రాక్ట్ నోట్ అనే కాగితం ఎలా చదవాలో చెబుతాను. ఇప్పుడది కాగితం కూడా కాదనుకోండి, మెయిల్లో వచ్చే పీడీఎఫ్. ట్రేడ్ అయిన 24 గంటల్లోపు బ్రోకర్ పంపి తీరాలి. చాలామందికి పాన్ నంబరే దాని పాస్‌వర్డ్. అది కొట్టడానికి బద్ధకించి ఏళ్ల తరబడి తెరవనివాళ్లు ఈ హాల్లోనే కొందరు ఉంటారు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాష్టారు ఉన్నారు. ఒక ఏడు దసరా తర్వాత, పైడితల్లి అమ్మవారి తొలేళ్ల సోమవారం నాడు ఒక కంపెనీవి 200 షేర్లు 400 రూపాయల చొప్పున కొన్నారు. సరిగ్గా 80,000. ఖాతాలో కూడా సరిగ్గా 80,000 ఉంచారు. ఆ రాత్రి నోట్ ప్రింటు తీసి మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు.

"ఏటి బాబూ, నేను 400కి కొన్నాను. వీడు 402 అని రాసేడేటి?"

"మాష్టారూ, పక్క గడి చూడండి. అక్కడ 400 ఉంది కదా?"

ఉంది. నోట్‌లో ఒక్కో షేరుకు మూడు అంకెలు వరసగా ఉంటాయి. మొదటిది బజార్లో ట్రేడ్ జరిగిన ధర, గ్రాస్ రేట్. రెండోది ఒక్కో షేరు మీద బ్రోకరేజి, ఆయనకు 2 రూపాయలు. మూడోది నెట్ రేట్. కొన్నప్పుడు బ్రోకరేజి కలుపుతారు కాబట్టి 402. అమ్మినప్పుడు తీసేస్తారు కాబట్టి 398 అయ్యేది. ఆ 402 బజారు ధర కాదు, బ్రోకర్ కూలి కలిసిన ధర.

ఆయన రెండో అనుమానం ఇంకా బాగుంది. "మూడుసార్లు కొన్నట్టుందేటి?" 50, 120, 30 అని మూడు వరసలు. కానీ ఆర్డర్ నంబరు మూడింటికీ ఒకటే, ట్రేడ్ నంబర్లే వేరు. అమ్మేవాళ్లు ముగ్గురు దొరికారు, అంతే. వరసల్లో ఆర్డర్ నంబరు మారితే మాత్రం ఆగి చూడాలి. ఆ రెండో ఆర్డర్ మీరు పెట్టిందేనా? ఆ ట్రేడ్ నిజంగా మీ పేర జరిగిందో లేదో ఎక్స్ఛేంజి నుంచి మీ ఫోనుకి వచ్చే ఎస్సెమ్మెస్‌తో పోల్చుకుంటే తేలిపోతుంది. అది బ్రోకర్ రాసింది కాదు కాబట్టి ఆ సాక్ష్యానికి విలువెక్కువ.

ఇప్పుడు అడుగు భాగానికి వద్దాం. చాలామంది పొరబడేది ఇక్కడే. అక్కడ ‘ట్యాక్సబుల్ వేల్యూ ఆఫ్ సప్లై’ అని ఒక వరస, ఎదురుగా 400 రూపాయలు. పేరు చూసి మాష్టారు అదేదో పన్ను అనుకున్నారు. కాదు, అది బ్రోకరేజే. 200 షేర్లకు రెండేసి రూపాయలు. జీఎస్టీ దాని మీద వేయాలి కనుక ఆ పేరుతో మళ్లీ చూపిస్తారు. మరి రెండుసార్లు వసూలు చేశారా? మొత్తాల వరస ఏ అంకెతో మొదలైందో చూడండి. 80,000తో మొదలైతే ఆ 400 అక్కడ కలపాలి. 80,400తో మొదలైతే బ్రోకరేజి అప్పటికే కలిసిపోయింది, ఇక కలపకూడదు. నోట్ల అచ్చు బ్రోకర్ని బట్టి కొంచెం మారుతుంది కానీ ఈ పరీక్ష అన్నిటికీ పనికొస్తుంది.

మిగతావి చిన్నవి. సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, అంటే ఎస్‌టీటీ, షేర్లు డీమ్యాట్‌లోకి తీసుకునే డెలివరీ కొనుగోలుకు వెయ్యికి రూపాయి, 80 రూపాయలు. స్టాంపు డ్యూటీ లక్షకు 15 రూపాయలు, అది కొన్నవాడికే, 12 రూపాయలు. ఎక్స్ఛేంజి చార్జీ 2 రూపాయల 38 పైసలు. షేర్ బజారుని నియంత్రించే సెబీ వారి ఫీజు కోటికి 10 రూపాయలు, ఇక్కడ 8 పైసలు. జీఎస్టీ 18 శాతం, అది షేర్ల విలువ మీద కాదు. బ్రోకరేజి, ఎక్స్ఛేంజి చార్జీ, సెబీ ఫీజు మూడూ కలిపిన 402 రూపాయల 46 పైసల మీద. 72 రూపాయల 44 పైసలు. బ్రోకర్ వేరే రాష్ట్రం వాడైతే దాన్ని ఐజీఎస్టీ అని ఒకే వరసగా రాస్తారు, మన రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ ఉంటే సగం సగంగా రెండు వరసలు. డబ్బు ఒకటే.

అన్నీ కలిపితే 80,566 రూపాయల 90 పైసలు. మాష్టారు నోట్‌లో ఈ అంకె కుండలీకరణాల్లో ఉంది, ఆ గుర్తుకి అర్థం మీరు కట్టాలని. అవి లేకపోతే మీకు రావాలని.

ఖాతాలో ఉన్నది 80,000. 566 రూపాయల 90 పైసలు తక్కువ. "రేపు ఊరంతా సిరిమాను, బ్యాంకులూ ఉండవు, ఎల్లుండి వేద్దాంలే" అన్నారాయన. అక్కడే నోట్ పైభాగం చూపించాను. ట్రేడ్ తేదీ సోమవారం, సెటిల్‌మెంట్ తేదీ, అంటే డబ్బూ షేర్లూ చేతులు మారే రోజు, మంగళవారం. 2023 జనవరి నుంచి మన షేర్లన్నిటికీ ట్రేడ్ అయిన తర్వాతి పనిదినమే సెటిల్‌మెంట్. బజారు సెలవులు ముంబై లెక్క. పైడితల్లి అమ్మవారి పండక్కి విజయనగరంలో అన్నీ మూసినా ఎక్స్ఛేంజి తెరిచే ఉంటుంది. మంగళవారం కట్టకపోతే ఆ తక్కువ మొత్తం మీద బ్రోకర్ వడ్డీ వేస్తాడు. ఆ రాత్రే ఫోన్లో పంపించాం. దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. ఏప్రిల్ 1 పనిదినమైతే బజారు నడుస్తుంది కానీ బ్యాంకుల లెక్కల ముగింపు వల్ల సెటిల్‌మెంట్ జరగదు. అందుకే మనసులో రోజులు లెక్కపెట్టుకోకుండా నోట్ మీద అచ్చయిన తేదీనే నమ్మండి.

అంతా అయ్యాక నేనొక మాట అడిగాను, "మాష్టారూ, బ్రోకరేజి ఎంతకి ఒప్పుకున్నారు?" వందకి 30 పైసలట. నోట్‌లో షేరుకు 2 రూపాయలు, దాన్ని 400తో భాగిస్తే వందకి 50 పైసలు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు, గరిష్ఠం వందకి రెండున్నర రూపాయలు. ఒప్పందం ప్రకారం మాత్రం తప్పు. ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టిన టారిఫ్ షీటు ఇనప్పెట్టెలో దొరికింది. అందులో 0.30 అనే ఉంది. మెయిల్ పెట్టాం, నోట్ నంబరూ టారిఫ్ షీటు ఫోటో జత చేసి. బ్రోకరేజి 400 కాదు, 240 కావాలి. తేడా 160, దాని మీద జీఎస్టీ 28 రూపాయల 80 పైసలు. 188 రూపాయల 80 పైసలు లెడ్జర్లో, అంటే బ్రోకర్ దగ్గరున్న ఆయన జమాఖర్చుల పద్దులో, జమ పడింది. వాళ్లు కాదంటే సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెడదామనుకున్నాం, అవసరం రాలేదు. అంతకుముందు రెండేళ్ల నోట్లు ఆయన అసలు తెరవలేదు. వాటి సంగతి అప్పుడు మొదలుపెట్టాం.

తర్వాత ఆ 200 షేర్లూ అమ్మారు. ఈసారి నోట్‌లో స్టాంపు డ్యూటీ లేదు, ఎస్‌టీటీ ఉంది. ఆదాయపు పన్నుకి లాభం లెక్కగట్టేటప్పుడు బ్రోకరేజి ఖర్చు కింద తీసుకోవచ్చు కానీ ఎస్‌టీటీ తీసుకోవడానికి లేదు. అందుకని అమ్మకం నోట్ నెట్ మొత్తం నుంచి కొనుగోలు నోట్ నెట్ మొత్తం తీసేస్తే పన్ను లెక్క తప్పుతుంది.

మాష్టారు మళ్లీ వచ్చారు. నోట్‌లో రావాలన్న డబ్బు కంటే లెడ్జర్లో మిగిలింది కొద్దిగా తక్కువుంది. అది డీపీ చార్జీ, డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి వెళ్లినందుకు. అది కాంట్రాక్ట్ నోట్‌లో ఉండదు, లెడ్జర్లోనే కనిపిస్తుంది. అప్పటి నుంచి ఆయన ప్రతి అమ్మకం నోట్‌కీ ఆ వారం లెడ్జర్ పేజీ కలిపి పిన్ను కొట్టి ఉంచుతున్నారు.