రేషన్ బియ్యంలో ఐరన్ ఉంటే మాత్రలెందుకు?

"అన్నా, మా కోడలికి ఐదో నెల, హెచ్‌బీ 9.2 వచ్చింది. రేషన్ బియ్యంలో ఐరన్ కలుపుతున్నారంటగా, మళ్ళీ ఆ ఎర్ర మాత్రలు వెయ్యాలా?"

వెయ్యాలమ్మా, తప్పకుండా వెయ్యాలి. హెచ్‌బీ అంటే రక్తంలోని హిమోగ్లోబిన్, కడుపుతో ఉన్నవాళ్ళకి మన దగ్గర దాని లెక్క 11, దానికంటే తగ్గితే రక్తహీనత, 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యరకం, 7 కంటే దిగితే మాత్రలతో ఇంట్లో కూర్చునే విషయం కాదు, ఆస్పత్రిలో చూపించాల్సిందే. మీ కోడలు మధ్యరకంలో ఉంది.

ఇప్పుడు బియ్యం సంగతి చూద్దాం. చేటలో పోసి చూస్తే అక్కడక్కడా కొంచెం తేడాగా కనిపించే గింజలుంటాయి, ప్లాస్టిక్ అనుకుని చాలామంది ఏరి పారేస్తున్నారు, అయ్యో, ఐరన్ ఉన్నది వాటిలోనే! బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజలా తయారుచేసి, వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. కిలోకి ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు. రోజుకి 300 గ్రాముల బియ్యం తిన్నా 8 నుంచి 13 మిల్లీగ్రాములే, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. ఎర్ర మాత్ర ఒక్కదాంట్లోనే 60 ఉంటుంది, రక్తం తగ్గిన గర్భిణికి రోజుకి రెండు అంటే 120. ఆ బియ్యం ఊరందరికీ రోజూ కాస్త కాస్త అందడానికి మంచిదే, నేను వద్దనను, కానీ పడిపోయిన రక్తాన్ని పైకి లేపడానికి అది సరిపోదు. ఒక్క మాట, ఇంట్లో తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్నవాళ్ళుంటే ఆ బియ్యం గురించి వాళ్ళ డాక్టర్‌ని అడిగాకే.

ఇంట్లో రెండేళ్ళ పిల్లాడున్నాడనుకోండి, వాడు రోజంతా తినే అన్నం 50 గ్రాముల బియ్యానిది, అంటే రెండు మిల్లీగ్రాముల ఐరన్ కూడా కష్టమే, వాడికి కావాల్సింది దాదాపు 8. అందుకే ఆశా అక్క ఇచ్చే సిరప్, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, మానకుండా పొయ్యాలి.

కోడలి విషయంలో నాకు భయం ఏంటంటే, మాత్రలు తెస్తారు, డబ్బాలోనే ఉండిపోతాయి. విరేచనం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది, ఇంకేం, మానేస్తారు. నలుపు ఐరన్ వల్లే, దానికి భయం లేదు. తిప్పుతుంటే అన్నం తిన్నాక వేసుకోమనండి, మానెయ్యొద్దు. టీ తాగిన వెంటనే వద్దు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, రెండూ ఒకే సంచిలో ఇస్తారు కాబట్టి ఒకేసారి మింగేస్తుంటారు, కనీసం రెండు గంటల గ్యాప్ ఉండాలి.

నెల తర్వాత మళ్ళీ రక్తం చూపించండి. కనీసం ఒక పాయింట్ పెరిగి 10.2 దాకా రావాలి. నిజంగా రోజూ వేసుకున్నా రాలేదంటే మాత్రం అవే మాత్రలు ఇంకో నెల లాగించకండి, పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, బీ12 తక్కువా, తలసీమియా లక్షణమా, ఇంకేమైనానా అని వాళ్ళు చూస్తారు, అవసరమైతే ఐరన్‌ని సెలైన్‌లో ఎక్కిస్తారు. 11 దాటాక కూడా ఆపొద్దు, రోజుకొకటి చొప్పున కాన్పయ్యాక ఆరు నెలల దాకా వేసుకోవాలి.