ఒకే గడిలోకి రెండు బ్లాకులు

సభకు నమస్కారం. ఆదివారం పూట సిల్క్ బోర్డ్ దాటుకుని ఈ మారతహళ్లి దాకా వచ్చిన మీకందరికీ, నన్ను పిలిచిన కార్యవర్గానికి, ఇందాక నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పిన పెద్దలకి, హాలు ఇచ్చిన అపార్ట్‌మెంట్ వాళ్లకి కృతజ్ఞతలు. ఆహ్వానంలో ‘పజిల్ ఆటల తయారీ’ అని వేశారు. అది చాలా పెద్ద విషయం. నేను ఒక్క బగ్ గురించే మాట్లాడతాను. చాలాకాలంగా ఎక్కడో ఒకచోట చెప్పాలనుకుంటున్న సంగతి అది.

గళ్ల మీద బ్లాకులు తోసే ఆటలు మీలో చాలామంది ఆడే ఉంటారు. వాటికి మూలం 1982లో జపాన్‌లో విడుదలైన సొకొబాన్. గోదాంలో ఒక మనిషి పెట్టెల్ని తోసి వాటి చోట్లకి చేరుస్తాడు. ఒక ఎత్తులో ఒక్క మనిషి, ఒక్క పెట్టె, ఒక్క తోపు. ముందు గడి ఖాళీగా ఉంటే పెట్టె జరుగుతుంది, లేకపోతే జరగదు. అక్కడ నేను చెప్పబోయే చిక్కు పుట్టే అవకాశమే లేదు. రెండో మనిషి వచ్చినప్పుడే అది పుడుతుంది.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో అలాంటి ఆటే చేశాం. తెరను ఒకసారి వేలితో జరిపితే ఇద్దరు మనుషులు కదులుతారు. ఎడమవాడు కుడికి వెళ్తే, కుడివాడు అద్దంలో బొమ్మలా ఎడమకి వస్తాడు. ఐదు గళ్ల వరస ఒకటి ఊహించుకోండి. ఒకటో గడిలో మనిషి, రెండులో బ్లాకు, మూడు ఖాళీ, నాలుగులో బ్లాకు, ఐదులో మనిషి.

ఊహించుకోవడం ఎందుకు, ఇక్కడ నేల మీద పలకలున్నాయి కదా! ముందు వరసలోంచి ఇద్దరు లేచి రండి బాబూ. ఆ రెండు ప్లాస్టిక్ కుర్చీలు కూడా తెండి. అదీ, అలా నిలబడండి. కుర్చీలే బ్లాకులు. ఇప్పుడు తోయకుండా, ముందు గడి ఖాళీయేనా అని మాత్రం చూసి చెప్పండి. ఇద్దరూ ‘ఖాళీయే’ అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ చూసింది ఎత్తు మొదలవకముందున్న పాత బల్లని, అంటే గళ్లలో అప్పటి అమరికని. ఇప్పుడు తోయండి. కుర్చీలు ఢీకొని ఆగాయి, ఎందుకంటే అవి నిజమైన కుర్చీలు. కంప్యూటర్‌లో ఆపేవాళ్లు లేరు. రెండూ మూడో గడిలో కూర్చుంటాయి.

ఆడేవాళ్లకి ఒకే బ్లాకు కనిపిస్తుంది, బొమ్మ మీద బొమ్మ పడింది కాబట్టి. అందుకే దీన్ని చాలామంది బొమ్మ గీయడంలో తప్పనుకుని అక్కడ వెతుకుతారు. తప్పు బల్ల లెక్కలో ఉంది. గడికి ఒకే బ్లాకు పేరు రాసుకునే పద్ధతైతే, రెండోది మొదటిదాన్ని చెరిపేసి రాసుకుంటుంది. ఇక అన్‌డూ ఆ చెడిపోయిన బల్ల నుంచే వెనక్కి లెక్క కట్టుకుంటే, పోయిన బ్లాకు తిరిగి రాదు. అందుకని ప్రతి ఎత్తు చివర పైథాన్‌లో ఈ ఒక్క వరస రాసుకోండి. తెర మీద చూడండి:

```
assert len(set(positions)) == len(positions)
```

బ్లాకులు ఎన్నో వాటి వేర్వేరు గళ్లు అన్నే ఉండాలి, లేకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగి అరుస్తుంది. `positions` అంటే బ్లాకులున్న గళ్ల జాబితా. అది మాత్రం బ్లాకుల జాబితాలోంచి రావాలి. గళ్లలో వెతికి తెస్తే, చెరిగిపోయిన బ్లాకు అసలు లెక్కలోకే రాదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. మా కంపెనీలో ఈ బగ్ దొరికిన రోజున మా లీడ్ గారు ఒక మందు వేశారు. ఇద్దరినీ ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరిని కదిలించమన్నారు. మొదటివాడు తోస్తే బ్లాకు మూడో గడిలోకి వెళ్తుంది. రెండోవాడు చూసేసరికి మూడు నిండి ఉంటుంది, ఆగిపోతాడు. రెండు బ్లాకులు ఒకే గడిలో పడటం పోయింది. ‘అయిపోయింది, వదిలేయండి’ అన్నారు.

ఎవడు మొదటివాడు? అది ఎవరూ అడగలేదు. లోపల జాబితాలో ఎవరి పేరు ముందుంటే వాడు. ఆ పేరు ఎందుకు ముందుంది? లెవెల్ గీసేటప్పుడు వాడిని ముందు పెట్టారు కాబట్టి. మా లెవెల్ డిజైనర్ నెల్లూరమ్మాయి, చాలా శ్రద్ధగా పనిచేసేది. ఒకరోజు తను గీసిన లెవెల్ ఉన్నట్టుండి సాధ్యం కాకుండా పోయింది. పరీక్షించకుండా పంపావని అందరిముందూ ఆ అమ్మాయిని మందలించారు. ‘నేనేం మార్చలేదండీ, ఎడమ మనిషిని చెరిపి మళ్లీ అదే గడిలో పెట్టానంతే’ అంది. అదే జరిగింది! చెరిపి పెట్టడంతో జాబితాలో వాడు చివరికి పోయాడు, గెలిచేవాడు మారిపోయాడు. బల్ల చూస్తే అదే బల్ల, కానీ జవాబు వేరు. నేను కారణం చూపించాక కూడా, ఆడేవాళ్లు ఇవన్నీ గమనించరులే అన్నారు తప్ప ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ కోపమే. పజిల్ ఆడేవాళ్లు గమనించేదే అది. కనిపించే బల్లని బట్టే వాళ్లు ఆలోచిస్తారు. కనిపించని జాబితా జవాబుని నిర్ణయిస్తుంటే వాళ్లెలా ఆలోచించాలి?

అన్నిచోట్లా నియమం ఇలా చాటుగా ఉండదు. ఇలాంటి పజిల్ ఆటలు తయారుచేసుకోవడానికి స్టీఫెన్ లావెల్ 2013లో తెచ్చిన పజిల్‌స్క్రిప్ట్ అనే సాధనంలో `COLLISIONLAYERS` అనే విభాగం ఉంటుంది. అందులో ఒకే పొరలో రాసిన వస్తువులు ఒకే గడిలో ఎప్పటికీ కలవవు. అక్కడ కూడా పోటీ వస్తే ముందు ఏ గడి పరిశీలనకి వస్తే దానిదే చోటు. కానీ ఆ వరస బల్లని బట్టి ఉంటుంది, ఎవరు ఎప్పుడు గీశారన్నదాన్ని బట్టి కాదు. కనీసం అది తెలుసుకోగలిగిన నియమం.

సరే, మన ఇద్దరూ ఇంకా నిలబడే ఉన్నారు పాపం, వాళ్లతోనే సరైన పద్ధతి చూద్దాం. ఎవరూ కదలొద్దు. ఎవరు ఏ గడికి వెళ్లాలనుకుంటున్నారో ముందు రాసుకుందాం. ఎడమ మనిషికి రెండు, ఎడమ కుర్చీకి మూడు, కుడి కుర్చీకి మూడు, కుడి మనిషికి నాలుగు. అందరూ కదులుతారనే అనుకుని మొదలుపెట్టాలి. రెండో గడిలో కుర్చీ ఉంది కదా అని మనిషిని ముందే ఆపకూడదు, ఆ కుర్చీ ఖాళీ చేయబోతుంది కాబట్టి. ఇప్పుడు మొదటి విడత. మూడుని ఇద్దరు అడిగారు, రెండు కోరికలూ రద్దు. రెండో విడత. కుర్చీలు కదలవు కాబట్టి, వాటి గళ్లు అడిగిన మనుషులిద్దరివీ రద్దు. మూడో విడతలో కొత్తగా రద్దయ్యేది లేదు, ఆగుతాం. చాలామంది మొదటి విడతతో ఆపేస్తారు. అప్పుడు కుర్చీ ఆగుతుంది, మనిషి వెళ్లి కుర్చీలో దూరతాడు. అదే బగ్ ఒక గడి వెనక్కి జరుగుతుంది! వెనక పదిమంది వరసగా నడుస్తుంటే రద్దు చివరివాడి దాకా పాకాలి. ప్రతి విడతలో కనీసం ఒక కోరిక పోతుంది కాబట్టి ఇది ఎప్పుడో ఆగి తీరుతుంది.

మీరు కూర్చోండి బాబూ, థాంక్యూ.

ఇంకొక్కటి మిగిలింది. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులు ఎదురెదురుగా కదిలితే, వాళ్లడిగిన గళ్లు వేరువేరు. పైన చెప్పిన పరీక్షకి దొరకరు, ఒకరిలోంచి ఒకరు దూరి వెళ్లిపోతారు. ఎత్తు చివర ఎవరి గడిలో వాళ్లుంటారు కాబట్టి `assert` కూడా నోరు మెదపదు. నువ్వు నా గడికి, నేను నీ గడికి వస్తున్నామా అని విడిగా అడిగి ఆపాలి.

ఇద్దరూ ఆగాలన్న నియమం ఒక్కటే న్యాయమని నేను అనను. బరువైనది గెలవచ్చు, రెండూ పగిలిపోవచ్చు. అది ఆట చేసేవాళ్ల ఇష్టం. కానీ ఇక్కడ ఆటలు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్లి ఆ ఐదు గళ్ల లెవెల్ గీయండి. ఆడండి. తర్వాత ఎడమ కుడి తిప్పి గీసి ఆడండి. ఫలితం కూడా ఎడమ కుడి తిరగబడితే మంచిది. అది ఎలా వచ్చినా, ముందు గీసిన మనిషిని చెరిపి అదే గడిలో పెట్టి మళ్లీ ఆడండి. అప్పుడు ఫలితం మారితే, మీ లెవెల్ డిజైనర్‌ని ఏమీ అనకండి.