ఎండిన కాయలు, ఎండిపోయిన చేను

(అనంతపురంలో తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సంయుక్త క్రియల గురించి మాట్లాడమన్నారు. వేయు, పెట్టు, కొను, పోవు, చచ్చు అంటూ జాబితా చదివితే గంట గడుస్తుంది, వినేవారికి ఏమీ మిగలదు. అందుకని 'పోవు' ఒక్కదాన్నే పట్టుకుంటాను.

మన జిల్లాలో వేరుశనగ పండించే ఇంట్లో "కాయలు ఎండాయి" అన్నారంటే బస్తాలకు ఎత్తడానికి సిద్ధమన్న మాట. అదే ఇంట్లో "చేను ఎండిపోయింది" అన్నారంటే ఆ ఏడాది అప్పు తీరదు. రెండింటిలోనూ ప్రధాన క్రియ 'ఎండు'. రెండో వాక్యంలో చేను ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు. 'పోవు' తన అసలు అర్థాన్ని వదులుకుని, 'ఎండి' అనే క్త్వార్థకానికి వెనక చేరి, ఆ ఎండడం ఎలాంటిదో చెబుతోంది.

ఇది చూసి చాలామంది 'పోవు' నష్టాన్ని, విచారాన్ని సూచిస్తుందని పాఠం చెప్పేస్తారు. మరి "బట్టలు ఎండిపోయాయి, తీసుకురా" అన్న ఇల్లాలికి విచారం ఏముంది? "జ్వరం తగ్గిపోయింది" అని చెప్పే తల్లి సంతోషంగానే ఉంటుంది. కాబట్టి నష్టం 'పోవు'లో లేదు, సందర్భంలో ఉంది. ఈ వాక్యాలన్నిటిలో కనిపించేది ఒకటే: మార్పు తన గీత దాటింది, దాన్ని ఎవరూ చేతితో నడపలేదు. గీత దాటాక చేనుకు మిగిలేది గడ్డి, బట్టలకు మిగిలేది మడత. అందుకే ఒకచోట ఏడుపు, ఒకచోట ఊరట.

ఇది అనుబంధ క్రియా, లేక అచ్చంగా వెళ్ళడమా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. "అన్నం తిని పోయాడు" తీసుకోండి. మధ్యలో ఒక మాట దూర్చి చూడండి: "అన్నం తిని ఊరికి పోయాడు." చక్కగా ఇమిడింది. అంటే అవి రెండు పనులు, మొదట తినడం, తర్వాత వెళ్ళడం. ఇప్పుడు "గోడ పడిపోయింది" మధ్యలో అదే మాట పెట్టండి. "గోడ పడి ఊరికి పోయింది" అంటే పిల్లలు నవ్వుతారు. అక్కడ ఉన్నది ఒకే సంఘటన. పలికేటప్పుడు కూడా 'పడిపోయింది' ఒకే ఊపున వస్తుంది, 'తిని, పోయాడు' అన్నప్పుడు చిన్న విరామం వినిపిస్తుంది.

'తిను'తో అనుబంధమైన 'పోవు' ఎందుకు చేరదు? తినడం మనిషి తలచుకుని చేసే పని కాబట్టి. అక్కడ 'వేయు' వస్తుంది: తినేశాడు, రాసేశాడు, అమ్మేశాడు. మనిషి చేతిలో లేనివాటికి 'పోవు': మరిచిపోయాడు, అలిసిపోయాడు, ఓడిపోయాడు. ఆటలో ఓడినవాడికి 'పోవు' తరచూ తోడుంటుంది, గెలిచినవాడు మాత్రం ఉత్త 'గెలిచాడు'. 'గెలిచిపోయాడు' అంటే ఆ గెలుపు కష్టపడకుండా వచ్చి ఒళ్ళో పడిందన్న ధ్వని వస్తుంది.

ఆజ్ఞార్థకంలో పెట్టి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 'ఎండిపో' అని ఎవరికైనా చెప్పగలమా? శాపం పెట్టాలంటే తప్ప కుదరదు. వెళ్ళిపో, పారిపో అనగలం, ఎందుకంటే అక్కడ 'పోవు'లో కదలిక ఇంకా కొంత బతికే ఉంది. ఇక "ఆ సంగతి మరిచిపో" అంటాం కానీ, మరిచిపోవడం వాడి చేతిలో లేదని చెప్పేవాడికీ తెలుసు!

వ్యతిరేకార్థంలో మరో సంగతి బయటపడుతుంది. "బట్టలు ఎండలేదు" అంటే ఇంకా తడిగా ఉన్నాయని, అంతే. "చెట్టు ఎండిపోలేదు" అనాలంటే ముందుగా ఎవరో ఎండిపోయిందని అనుకుని ఉండాలి. వాళ్ళ అనుమానాన్ని తోసిపుచ్చడానికి ఆ రూపం వాడతాం.

ఇదంతా తెలుగు సొంతమని గర్వపడేవారికి ఒక మాట. మడకశిర దాటి కాస్త పడమటికి వెళ్తే కన్నడంలో 'ఒణగి హోయితు' అంటారు. కర్నూలులో, కడపలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో 'సూఖ్ గయా' అంటారు. 'హోయితు'కు మూలమైన హోగు, 'గయా'కు మూలమైన జానా రెండూ 'పోవు' పనే చేస్తున్నాయి. ద్రావిడ భాష, ఆర్య భాష అన్న గోడ ఈ క్రియల దగ్గర నిలబడలేదు. మన పిల్లల్లో ఉర్దూ ఇంటి నుంచి వచ్చేవారికి ఈ పాఠం సగం ముందే తెలుసు, అడిగి చూడండి.

నేను చెప్పిన సూత్రానికి లొంగని ఉదాహరణ ఒకటి మీ ముందు పెట్టాలి. "ఆపుకోలేక ఏడ్చేశాడు" అంటాం. ఆపుకోలేనిది చేతిలో ఉన్న పని ఎలా అవుతుంది? సూత్రం ప్రకారం 'ఏడ్చిపోయాడు' రావాలి, కానీ అలా ఎవరూ అనరు. నవ్వేశాడు, తుమ్మేశాడు కూడా ఇంతే. నాకు తోచే కారణం ఇది: ఏడుపు, నవ్వు, తుమ్ము మనిషి లోపల పుట్టి అతనిలోంచే బయటపడతాయి. వాటికి అతడు యజమాని కాకపోయినా కర్త మాత్రం అతడే. అలిసిపోయినవాడికి అలసట ఎక్కడి నుంచో వచ్చి మీద పడుతుంది, వాడు దాన్ని భరించేవాడే తప్ప కర్త కాడు. అంటే 'వేయు' అడిగేది సంకల్పాన్ని కాదు, లోపలి నుంచి బయటికి తోసే కర్తను. ఈ వివరణ 'ఏడ్చేశాడు'కు సరిపోతుంది. 'భయపడిపోయాడు' అన్నప్పుడు ఆ భయం కూడా లోపల పుట్టిందేగా అని మీలో ఎవరైనా అడిగితే, చర్చను అక్కడి నుంచే మొదలుపెడదాం.