ఎంతసేపు తిరిగినా విసుగు రాని లూప్

వీడియో గేమ్‌లో ఒక అడవి లెవెల్ ఉందనుకుందాం, దానికి నేపథ్య సంగీతం మనం చేయాలి. ఆటగాడు అందులో ఎంతసేపు తిరుగుతాడో మనకు తెలియదు. దారి తప్పితే అరగంట కూడా పట్టొచ్చు. మనం 96 సెకన్ల ట్యూన్ ఇచ్చి ఊరుకుంటే, ఆ అరగంటలో అది దాదాపు 19 సార్లు మోగుతుంది. చెవి చాలా ముందే పసిగట్టేస్తుంది.

దేన్ని పసిగడుతుంది? ముఖ్యంగా ముగింపుని. మెలోడీ షడ్జమం మీదకి దిగి కుదురుకుందంటే పాట అయిపోయినట్టే. వెంటనే మళ్లీ మొదలైతే ‘ఓహో, మళ్లీ ఇదేనా’ అనిపిస్తుంది. ఇక నోట్లో ఆడే పల్లవి లాంటి ముక్క ఒకటి ఉందా, అది ఎప్పుడొస్తుందా అని మనసు కాచుకుని కూర్చుంటుంది.

అందుకే నేను ఒకే ఫైలుగా చేయను. లేయర్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో పొడవు పెడతాను. టెంపో 80, బార్‌కి నాలుగు బీట్లు అనుకోండి. బార్ సరిగ్గా మూడు సెకన్లు. ప్యాడ్ 8 బార్లు, హార్ప్ 10, ఫ్లూట్ 14. అంటే 24, 30, 42 సెకన్లు. మూడూ కలిసి బయల్దేరి, తర్వాత దేని దారిన అది తిరుగుతుంది. మళ్లీ మూడూ ఒకేసారి మొదటికొచ్చేది 280 బార్లకి, అంటే 14 నిమిషాలకి. రాసిన సంగీతం మాత్రం, కూడి చూడండి, అదే 96 సెకన్లు! ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లోనే ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ఆల్బమ్‌లో వేర్వేరు పొడవుల టేప్ లూపులతో చేసి చూపించారు.

చిక్కల్లా ఏ స్వరం వెళ్లి దేని మీద పడుతుందో మన చేతిలో లేకపోవడమే. కాబట్టి మోహన రాగం స్వరాలకే కట్టుబడతాను. మ, ని లేవు కనుక ఏ రెండు స్వరాల మధ్యా అరస్వరం తేడా రాదు, ఎలా కలిసినా గీచుకోవు. ప్యాడ్‌లో స, ప చాలు. ఫ్లూట్‌కి 14 బార్లలో రెండే పలుకులు: మొదటిది గ-ప-ద అని ఎక్కి ద దగ్గర ఆగిపోతుంది, రెండోది రి మీద. స జోలికి పోదు. మిగతా బార్లన్నీ ఖాళీ. ఆ ఖాళీని నింపేయాలని చెయ్యి దురద పెడుతుంది, నింపకండి.

దీనికో హద్దుంది. కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ కథ నడిపించే సంగీతం ఈ పద్ధతిలో రాదు. పెద్ద విలన్‌తో తలపడే బాస్ ఫైట్‌కి అస్సలు పనికిరాదు.

ఇక అతుకు సంగతి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు చివరి స్వరం రివర్బ్ తోక తెగిపోతే, లూప్ తిరిగిన ప్రతిసారీ చిన్న కుదుపు వినిపిస్తుంది. లేయర్‌ని వరుసగా రెండుసార్లు వాయించి, రెండో చుట్టునే కత్తిరించి తీసుకోండి. మొదటి చుట్టు తోక దాని మొదట్లో కలిసిపోయి ఉంటుంది. ఎంపీ3 మాత్రం వద్దు. ఎన్‌కోడ్ చేసేటప్పుడు అది మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది. వేవ్ గానీ ఓజీజీ గానీ వాడండి. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని వేరే పని చేసుకుంటూ అరగంట వినండి. ఎక్కడైనా ‘ఇప్పుడు ఫ్లూట్ వస్తుంది’ అని ముందే తోచిందంటే, ఆ పలుకులో ఒక స్వరం తీసేసి మళ్లీ వినండి.