లాభం 32 లక్షలు, బ్యాంకులో 4 లక్షలు

అందరికీ నమస్కారం. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత అమ్మేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి మీ వ్యాపారం లెక్కే తీసుకుంటాను. అంకెలు నేను వేసుకున్నవి. పరిస్థితి మాత్రం ఆడిటర్‌గా ఏటా నా టేబుల్ మీదికి వచ్చేదే.

ఒక మేత డీలరుది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. అమ్మకాలు 3.40 కోట్ల నుంచి 4 కోట్లకు పెరిగాయి. పన్ను కట్టకముందు లాభం 32 లక్షలు. "ఇంత లాభం వస్తే ఫీడ్ కంపెనీకి కట్టడానికి డబ్బులెందుకు లేవు సార్?" అని ఆయన అడుగుతారు. బస్తాలు చెరువు గట్టుకు చేరి బిల్లు రాసిన రోజే అది మన పుస్తకంలో అమ్మకం, అందులోని మార్జిన్ లాభం. రైతు కట్టేది మాత్రం రొయ్య పట్టాక, మూడు నాలుగు నెలలకు.

ఆ మధ్య కాలాన్ని పట్టి చూపించేదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. 32 లక్షలతో మొదలుపెడదాం. వ్యాను, గోడౌన్ తరుగుదల 6 లక్షలు ఖర్చుగా రాశాం కానీ చేతి నుంచి పోలేదు, కలుపుతాం. రైతుల బాకీలు 70 లక్షల నుంచి 1.10 కోట్లకు చేరాయి, ఆ 40 లక్షలు తీసేస్తాం. గోడౌన్‌లో సరుకు 15 లక్షలు పెరిగింది, అదీ తీసేస్తాం. ఫీడ్ కంపెనీకి మనం ఇవ్వాల్సింది 10 లక్షలు పెరిగింది, కలుపుతాం. పన్ను 8 లక్షలు కట్టాం. మిగిలింది మైనస్ 15 లక్షలు. అంటే ఏడాదంతా వ్యాపారం డబ్బు తేలేదు, మింగింది.

దాని మీద మార్చిలో 25 లక్షల లోను తీసుకుని 20 లక్షలతో లారీ కొన్నారు. ఏడాది మొదట్లో బ్యాంకులో ఉన్న 14 లక్షలు 4కి దిగాయి. లోను రాకుంటే ఈ గొడవ మార్చిలోనే బయటపడేది.

నేను ముందు చూసేది బాకీల వరసే. అమ్మకం సుమారు 18 శాతం పెరిగితే బాకీలు 57 శాతం పెరిగాయి. నిరుడు 75 రోజుల అమ్మకం బయట ఉంటే, ఇప్పుడు 100 రోజులది ఉంది. పాత బాకీ తీరకుండానే కొత్త పంటకు మేత పోసినట్టు లెక్క. వైట్ స్పాట్ జబ్బు వచ్చి రొయ్య ముందే పట్టేసిన చెరువు బాకీ ఇందులో ఎంతుందో పేరుపేరునా చూడాలి. రాని బాకీకి ప్రొవిజన్, అంటే ముందే నష్టంగా ఖర్చు, రాయకపోతే ఆ 32 లక్షల లాభం కూడా నిజం కాదు.

ఒక జాగ్రత్త. మార్చి 31కి వేసవి పంట ఇంకా చెరువుల్లోనే ఉంటుంది, ఆ రోజు బాకీలు ఎక్కువగానే కనిపిస్తాయి. అందుకని డిసెంబరుతో కాకుండా నిరుటి మార్చి 31తో పోల్చండి. చట్టం ప్రకారం చిన్న కంపెనీకి ఈ స్టేట్‌మెంట్ తప్పనిసరి కాదు, అందుకే చాలామంది ఆడిటర్లు ఇవ్వరు. అడిగి వేయించుకోండి. రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఈ ఏటి లాభనష్టాల ఖాతా ఉంటే ఒక పూటలో తయారవుతుంది.