టాక్స్ రేటు తగ్గిన క్వార్టర్‌లోనే బ్యాంకు లాభం ఎందుకు పడిపోయింది?

"అన్నా, 2019లో గవర్నమెంటు కంపెనీల టాక్స్ తగ్గించింది కదా, మరి అదే క్వార్టర్‌లో ఐసీఐసీఐ బ్యాంకు లాభం ఎందుకు అంతలా పడిపోయింది? డిఫర్డ్ టాక్స్ అసెట్ వల్ల అన్నారు. అసలది ఎక్కడి నుంచి పుడుతుంది?"

నమస్కారం అండి. బ్యాంకు దగ్గరికి తప్పకుండా వద్దాం. దానికి ముందు ఒక చిన్న కంపెనీ లెక్కలు చూద్దాం, అవి చూస్తే బ్యాంకు సంగతి దానంతటదే తెలిసిపోతుంది.

బాలానగర్‌లో పంపులు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకోండి. 40 మంది పనివాళ్లు. మార్చి 31న అకౌంటెంట్ సెలవుల రిజిస్టర్ తీశాడు. ఒక్కొక్కరికీ వాడుకోని సెలవులు 20 రోజులు మిగిలాయి. రోజుకి వెయ్యి రూపాయల లెక్కన 8 లక్షలు. ఈ డబ్బు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కానీ ఆ సెలవులు ఈ ఏడాది చేసిన పనికి వచ్చినవి, కాబట్టి ఖర్చు ఈ ఏడాదిదే. అందుకే అకౌంటెంట్ ఆ 8 లక్షలని ముందే ఖర్చుగా లెక్కలో పెట్టి, అంటే ప్రొవిజన్ రాసి, దాన్ని తీసేశాక కోటి రూపాయల లాభం చూపించాడు. ఇది పుస్తకాల లాభం.

ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఏమంటారు? "నువ్వు రాసుకుంటే సరిపోదు, చెల్లించి చూపించు" అంటారు. 1961 చట్టంలో 43బి అని ఆడిట్ ఆఫీసుల్లో రోజూ వినపడే సెక్షన్ చెప్పేది ఇదే. సెలవుల డబ్బు నిజంగా చేతికి ఇచ్చిన ఏడాదిలోనే ఖర్చుగా ఒప్పుకుంటారు. రిటర్న్ వేసే గడువు లోపల ఇచ్చేస్తే మాత్రం పాత ఏడాదికే ఒప్పుకుంటారు. ఈ చిన్న వెసులుబాటు చాలామంది మర్చిపోతారు. మన కంపెనీ ఆ గడువులోపు కూడా ఇవ్వలేదనుకుందాం. అప్పుడు ఆ 8 లక్షలు తిరిగి కలుపుతారు. టాక్స్ లాభం కోటీ 8 లక్షలు అయింది.

రెండు లాభాలు ఎందుకంటే, రెండు పుస్తకాలు అడిగే ప్రశ్నలే వేరు. కంపెనీ లెక్కలు వాటాదారుకి, అప్పు ఇచ్చినవాళ్లకి ఈ ఏడాది నిజంగా ఎంత మిగిలిందో చెప్పాలి. అందుకే రాబోయే ఖర్చుని కూడా ముందే పట్టుకుంటాయి. టాక్స్ చట్టానికి మాత్రం రుజువు కావాలి. అంచనాలని ఒప్పుకుంటే ఎవరికి వాళ్లు పెద్ద పెద్ద ప్రొవిజన్లు రాసుకుని టాక్స్ ఎగ్గొడతారు కదా.

సరే, టాక్స్ కడదాం. 2019లో వచ్చిన కొత్త విధానంలో సర్‌ఛార్జీ, సెస్సు కలిపి రేటు 25.168 శాతం. లెక్క తేలిక కోసం 25 అనుకుందాం. కోటీ 8 లక్షల మీద 27 లక్షలు. కానీ పుస్తకాల్లో లాభం కోటి, దాని మీద 25 శాతం అంటే 25 లక్షలే. మరి ఆ 2 లక్షలు ఎక్కువ కట్టినట్టా? ఒక రకంగా ముందు కట్టినట్టు. వచ్చే ఏడాది ఆ 8 లక్షలు పనివాళ్లకి ఇచ్చేస్తాం. అప్పుడు టాక్స్ వాళ్లు ఖర్చు ఒప్పుకుంటారు. ఆ ఏడాది కూడా పుస్తకాల లాభం కోటి, కొత్త ప్రొవిజన్ ఏమీ లేదు అనుకుంటే, టాక్స్ లాభం 92 లక్షలు, కట్టేది 23 లక్షలు. అంటే పోయిన ఏడాది ఎక్కువ కట్టిన 2 లక్షలు ఇప్పుడు తిరిగి కలిసొచ్చాయి.

ఇలా కలిసిరాబోయే ఆ 2 లక్షలే డిఫర్డ్ టాక్స్ అసెట్. మొదటి ఏడాది దాన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా పెట్టి, లాభనష్టాల ఖాతాలో టాక్స్ ఖర్చుని 2 లక్షలు తగ్గిస్తాం. 27లో 2 పోతే 25. రెండో ఏడాది ఆ ఆస్తిని తీసేసి ఖర్చులో కలుపుతాం. 23కి 2 కలిపితే 25. రెండేళ్లూ కోటి లాభం మీద 25 లక్షల టాక్సే కనిపిస్తుంది. మీ లెక్క సరిపోయిందా లేదా అని చూసుకునే పద్ధతి కూడా ఇదే. మొత్తం టాక్స్‌ని పుస్తకాల లాభంతో భాగిస్తే రేటు రావాలి.

రాకపోతే? అప్పుడు ఎప్పటికీ తిరిగిరాని తేడా ఏదో ఉందన్నమాట. చట్టం ఉల్లంఘించినందుకు కట్టిన పెనాల్టీ చూడండి. టాక్స్ వాళ్లు ఈ ఏడాదీ ఒప్పుకోరు, ఏ ఏడాదీ ఒప్పుకోరు. కంపెనీలు సమాజ సేవకి పెట్టే సీఎస్ఆర్ ఖర్చు కూడా అంతే. వీటి మీద డిఫర్డ్ టాక్స్ పుట్టదు. "టాక్స్‌లో తిరిగి కలిపారు కదా" అని వాటికి కూడా అసెట్ రాసేయడం నేను చాలాసార్లు చూసిన తప్పు. కలిపారా లేదా అని కాదు, మళ్లీ ఎప్పుడైనా తగ్గిస్తారా అని అడగాలి.

తేడా రెండో వైపు వస్తే లైబిలిటీ. కంప్యూటర్ల మీద టాక్స్‌లో 40 శాతం తరుగుదల ఇస్తారు, పుస్తకాల్లో మూడేళ్లకి సమానంగా పంచుతాం. టాక్స్‌లో ముందే ఎక్కువ తగ్గించుకున్నాం కాబట్టి తర్వాత కట్టాల్సి వస్తుంది.

అసెట్ విషయంలో మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ 2 లక్షలు కలిసిరావాలంటే రెండో ఏడాది కంపెనీకి టాక్స్ కట్టేంత లాభం ఉండాలి. లాభమే లేకపోతే దేనిలోంచి తగ్గించుకుంటాం? వ్యాపార నష్టాల మీద కూడా ఇదే లెక్కతో అసెట్ పెడతారు, ఎందుకంటే ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకి తీసుకెళ్లి లాభాల్లో తగ్గించుకోవచ్చు. రిటర్న్ గడువు దాటి వేస్తే ఆ హక్కు పోతుంది, అసెట్ కూడా పోతుంది. అందుకే పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 22 ఇలాంటి నష్టాలకి దాదాపు కచ్చితంగా లాభం వస్తుందని గట్టి ఆధారం అడుగుతుంది. చేతిలో ఉన్న ఆర్డర్లు చూపించాలి, "వచ్చే ఏడాది బాగుంటుంది" అంటే చాలదు. వరసగా నష్టాల్లో ఉన్న కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో ఈ ఆస్తి ఏటేటా పెరుగుతుంటే, నోట్స్‌లోకి వెళ్లి ఆధారం ఏం చూపించారో చదవండి.

ఇప్పుడు బ్యాంకు. బ్యాంకుకి సెలవుల డబ్బు కంటే చాలా పెద్ద తేడా మొండి బాకీల ప్రొవిజన్. అప్పు వసూలు కాదనిపించగానే పుస్తకాల్లో ప్రొవిజన్ రాస్తారు. టాక్స్‌లో ఒక పరిమితి వరకే ఒప్పుకుంటారు, మిగతాది బాకీని నిజంగా రద్దు చేసినప్పుడే. 2019కి ముందు కొన్నేళ్లు మొండి బాకీలు బాగా పెరిగాయి కాబట్టి ఈ అసెట్లు కూడా కుప్పగా పేరుకున్నాయి. వాటిని లెక్కగట్టింది అప్పటి రేటు 34.944 శాతంతో. అంటే ప్రతి 100 రూపాయల ప్రొవిజన్‌కి దాదాపు 35 రూపాయలు ఆస్తి.

2019 సెప్టెంబరు 20న కొత్త రేటు వచ్చింది. దాన్ని ఎంచుకున్న బ్యాంకుకి రేపు ఆ 100 రూపాయలు తగ్గించుకుంటే మిగిలేది 25 రూపాయల చిల్లరే. తేడా దాదాపు 10 రూపాయలు. దాన్ని ఆ క్వార్టర్‌లోనే ఒక్కసారిగా ఖర్చు రాయాలి. ఐసీఐసీఐ బ్యాంకు అలా రాసింది 2,920 కోట్లు. అందుకే ఆ క్వార్టర్ లాభం 655 కోట్లే కనిపించింది. ఇది లేకపోతే 3,575 కోట్లు. ఆ 2,920 కోట్లలో ఒక్క రూపాయి కూడా ఆ రోజు బ్యాంకు ఖజానాలోంచి బయటికి పోలేదు. 35 రూపాయలు వస్తాయనుకుని దాచుకున్న చీటీని 25 రూపాయల చీటీగా దిద్దుకున్నారు, అంతే. తక్కువ రేటు వల్ల కలిసొచ్చేది మాత్రం ఆ తర్వాతి ప్రతి ఏడాది లాభంలో, కొంచెం కొంచెంగా వస్తుంది.